ఫోటో తీసి అనువదించుకున్న ప్యాకింగ్ లిస్టుపై బయ్యర్ ప్రశ్నలు వేస్తే జవాబు మెయిల్ ఎలా రాయాలి

చిన్న ఎగుమతిదారులు తరచూ అడిగే ప్రశ్న ఇది. సరుకు చేరింది. బయ్యర్ గోడౌన్‌లో ఎవరో కార్టన్‌లో ఉన్న ప్యాకింగ్ లిస్టును ఫోన్‌తో ఫోటో తీసి, యాప్‌తో తమ భాషలోకి మార్చుకున్నారు. మర్నాడు మీకు మెయిల్ వచ్చింది: "మీ లెక్కలు కలవడం లేదు, నెట్ వెయిట్ గ్రాస్ వెయిట్ కంటే ఎక్కువ ఉంది, వివరణ ఇవ్వండి." టెన్షన్‌లో చాలామంది వెంటనే "అంతా సరిగానే ఉంది, ఒరిజినల్ మళ్లీ పంపుతున్నాం" అని రెండు లైన్లు రాసేస్తారు. దానితో ఏమీ తేలదు. వాళ్లు ఆ ఒరిజినల్‌ను మళ్లీ ఫోటో తీసి, మళ్లీ అదే తప్పు చదువుతారు.

ఎలా రాస్తే ఒక్క మెయిల్‌తో విషయం తేలుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. సరుకు కాటన్ టవల్స్ అనుకుందాం. ప్యాకింగ్ లిస్టు నంబరు PL-118. అందులో ఉన్నది ఇది:

| కార్టన్ నంబర్లు | సరుకు | కార్టన్‌కు | మొత్తం | ఒక కార్టన్ నెట్ | ఒక కార్టన్ గ్రాస్ |
|---|---|---|---|---|---|
| 1-24 | స్నానం టవల్ | 50 | 1,200 | 22.500 | 24.000 |
| 25-39 | చేతి టవల్ | 120 | 1,800 | 18.000 | 19.200 |
| 40 | కలిపి ప్యాక్ చేసినది | 20 + 60 | 80 | 18.000 | 19.500 |
| మొత్తం | 40 కార్టన్లు | | 3,080 | 828.000 | 883.500 |

బయ్యర్ అడిగినవి మూడు. ఒకటి, వరుసలు కూడితే 39 కార్టన్లు, 3,000 టవల్సే వస్తున్నాయి, కింద మొత్తం మాత్రం 40, 3,080 అని ఉంది, ఇన్వాయిస్ కూడా 3,080కే వేశారు, ఆ 80కి డబ్బు ఎందుకు కట్టాలి? రెండు, ఒక కార్టన్ ఇరవై రెండు వేల ఐదు వందల కిలోలు ఎలా ఉంటుంది? మూడు, నెట్ 24, గ్రాస్ 22.5 అని ఎలా వేశారు?

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- సరుకుతో పాటు వెళ్లిన చివరి ప్యాకింగ్ లిస్టు, పీడీఎఫ్ రూపంలో. దాన్ని తయారు చేసిన ఎక్సెల్ ఫైలు కూడా.
- ఇన్వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్. విమానంలో వెళ్తే ఎయిర్‌వే బిల్లు.
- ప్యాకింగ్ చేసేటప్పుడు కార్టన్ వారీగా రాసుకున్న తూకం కాగితం. చేతిరాతదైనా పర్వాలేదు. ఈ పని మొత్తంలో అన్నిటికంటే నమ్మదగిన కాగితం అదే, ఎందుకంటే అది కార్టన్ పక్కన నిలబడి రాసింది.
- బయ్యర్ తీసిన అసలు ఫోటో.

1. అసలు ఫోటో తెప్పించుకోండి

బయ్యర్లు సాధారణంగా అనువాదం అయ్యాక కనిపించే స్క్రీన్‌షాట్ పంపుతారు. దాన్ని చూసి జవాబు రాయడం మొదలుపెట్టకండి. అందులో అసలు అక్షరాల మీద యాప్ తన మాటలు అతికించి ఉంటుంది కాబట్టి, కాగితం మీద ఏముందో, యాప్ ఏం చదివిందో విడదీసి చూడలేరు. "అనువాదం చేయకముందు తీసిన ఫోటోను, కాగితం నాలుగు మూలలూ కనిపించేలా పంపగలరా" అని ఒక్క వాక్యం రాయండి.

ఫోటో రాగానే లెక్కల జోలికి పోకుండా ముందు రెండే చూడండి: పైన ఉన్న నంబరు, తేదీ. ప్యాకింగ్ మధ్యలో ప్రింట్ తీసిన పాత డ్రాఫ్ట్ కార్టన్‌లోకి వెళ్లిపోవడం తరచూ జరిగేదే. అదే జరిగితే ఇది చదవడంలో వచ్చిన తేడా కాదు, రెండు వేరువేరు కాగితాల మధ్య తేడా. అప్పుడు మెయిల్ మొదటి వాక్యమే మారుతుంది: "కార్టన్‌లో ఉన్నది పాత డ్రాఫ్ట్, మీరు లెక్కలోకి తీసుకోవాల్సింది ఇన్వాయిస్‌తో పంపిన ఈ లిస్టు."

ఒరిజినల్ ఫోటో దొరకకపోతే, తేడా కనిపిస్తున్న కార్టన్‌ను బయటి నుంచి ఫోటో తీయమనండి. దాని మీద మార్కింగ్ ఉంటుంది కదా, "40/40" అని. మన ఉదాహరణలో ఆ ఒక్క ఫోటోతోనే సగం సందేహం తీరుతుంది.

2. మీ లెక్క మీరు మొదటి నుంచి వేసుకోండి

తప్పు బయ్యర్‌దే అని తేలేంత వరకు తప్పు మీదే కావచ్చు అనుకుని చూడండి. ఎక్సెల్‌లో కనిపించే మొత్తాన్ని నమ్మకుండా తూకం కాగితం నుంచి కూడండి.

కార్టన్లు: 24 + 15 + 1 = 40. ఇక్కడ జాగ్రత్త. 25 నుంచి 39 వరకు అంటే 14 కాదు, 15. ఒకటి తగ్గించి లెక్కపెట్టే పొరపాటు మన వైపు కూడా బాగానే జరుగుతుంది.

స్నానం టవల్స్: 24 × 50 = 1,200, కార్టన్ 40లో 20, మొత్తం 1,220. చేతి టవల్స్: 15 × 120 = 1,800, కార్టన్ 40లో 60, మొత్తం 1,860. రెండూ కలిపి 3,080. ఇన్వాయిస్‌లోనూ 1,220, 1,860 అనే ఉండాలి.

నెట్: 540 + 270 + 18 = 828 కిలోలు. గ్రాస్: 576 + 288 + 19.5 = 883.5 కిలోలు. బిల్ ఆఫ్ లేడింగ్‌లో ఉన్న గ్రాస్ దీనితో కలవాలి.

ఈ లెక్కలన్నీ కలిస్తే మీ కాగితం సరైనదే, తేడా చదవడంలో వచ్చింది. ఏ ఒక్కటి కలవకపోయినా కింద "తప్పు మనదే అయితే" అన్న చోటికి వెళ్లండి. ఆ మెయిల్ వేరు.

3. ప్రతి ప్రశ్నకు కారణం విడిగా పట్టుకోండి

"ట్రాన్స్‌లేషన్ తప్పు" అని అన్నిటినీ ఒకే మూటలో కట్టేయకండి. మన ఉదాహరణలో మూడు ప్రశ్నలకు మూడు కారణాలున్నాయి. అందులో రెండు అసలు భాషకు సంబంధించినవే కావు.

మొదటిది కాగితం మడత. ఫోటోను పెద్దది చేసి చూస్తే, మొత్తం వరుసకు సరిగ్గా పైన మడత నీడ పడి ఉంది. కార్టన్ 40 వరుస ఆ నీడలో కలిసిపోయింది. యాప్‌కు కనిపించని వరుస అనువాదంలోకి రాదు, పోయిందని కూడా అది చెప్పదు. 39 కార్టన్లు, 3,000 టవల్స్ అందుకే వచ్చాయి. తేడా సరిగ్గా ఒక వరుస విలువకు సమానంగా ఉంటే (ఇక్కడ 1 కార్టన్, 80 టవల్స్) ముందు అనుమానించాల్సింది దీన్నే.

రెండోది చుక్క. జర్మనీ, స్పెయిన్, బ్రెజిల్ లాంటి చాలా దేశాల్లో దశాంశానికి కామా వాడతారు, వేలను విడదీయడానికి చుక్క పెడతారు. మనం 22.500 అని రాసింది వాళ్ల కంటికి ఇరవై రెండు వేల ఐదు వందలు. మనం 1,200 అని రాసింది వాళ్లకు ఒకటింబావుకు కాస్త తక్కువ. ఇందులో అసలు చిక్కు తెచ్చేది చుక్క తర్వాత మూడు అంకెలు పెట్టే అలవాటు. 22.5 అని రాస్తే దాన్ని వేలుగా చదివే వీలే లేదు. 22.500 అనగానే ఆ వీలు వచ్చేస్తుంది. గ్రాముల వరకు చూపిస్తున్నామన్న తృప్తి కోసం పెట్టే రెండు సున్నాలు ఇంత తంటా తెస్తాయి.

మూడోది వంకరగా తీసిన ఫోటో. పక్కపక్కనే ఉన్న రెండు ఇరుకు కాలమ్స్ మీద పొట్టి శీర్షికలు ఉంటే, యాప్ ఒకదాని శీర్షికను ఇంకోదాని అంకెలకు తగిలిస్తుంది. నెట్, గ్రాస్ తారుమారు అయింది ఇలాగే. పైగా మన లిస్టులో 24 అనే అంకె రెండు చోట్ల ఉంది: 24 కార్టన్లు, 24 కిలోలు. శీర్షిక జారితే ఏ 24 దేనిదో తెలియదు.

వీటితో పాటు చూడాల్సినవి: చేతిరాత 1, 7, ముద్ర కింద పడిన అంకెలు, "1-24" అన్న కార్టన్ నంబర్లను తేదీగా చదవడం, గ్రాస్ వెయిట్‌లోని గ్రాస్‌ను పన్నెండు డజన్ల గ్రాస్‌గా తీసుకోవడం. ఈ చివరిది ముక్కల లెక్కలో సరుకు పంపే వాళ్లకు ఎక్కువగా ఎదురవుతుంది. ఎక్కడైనా 144 రెట్లు తేడా కనిపిస్తే కారణం అదే.

4. ఆ అంకెలతో ఇప్పటికే ఏమైనా చేశారా అని తెలుసుకోండి

తప్పుగా చదివిన అంకెలు గోడౌన్ రిజిస్టర్‌లోనే ఉంటే తొందర లేదు. వాటితోనే బయ్యర్ దేశంలో కస్టమ్స్‌కు డిక్లరేషన్ వేసి ఉంటే మాత్రం అది మెయిల్‌లో మొదటి పేరాలోకి రావాలి, వాళ్ల కస్టమ్స్ ఏజెంటుకు కూడా కాపీ వెళ్లాలి. డిక్లరేషన్‌ను దిద్దించుకోవాల్సింది వాళ్లే. దానికి వాళ్ల చేతిలో మీ రాతపూర్వక వివరణ ఉండాలి.

5. మెయిల్ రాయండి

ఒక విషయం గుర్తుంచుకుని రాయండి: ఈ మెయిల్‌ను కూడా వాళ్లు అదే యాప్‌లో పెట్టి చదువుతారు. కాబట్టి,

- ఒక వాక్యంలో ఒక్క విషయమే. "పైన చెప్పినది", "రెండోది మాత్రం" లాంటి మాటలు వద్దు. వస్తువు పేరే మళ్లీ రాయండి.
- పొట్టి అక్షరాలు వద్దు. కార్టన్, నెట్ వెయిట్, కిలోలు అని పూర్తిగా రాయండి.
- ప్రతి అంకె పక్కన దాని యూనిట్ ఉండాలి. "24" కాదు, "24 కార్టన్లు".
- వేలను కామాతో విడదీయకండి. 1200 అని కలిపి రాయండి. దశాంశం తప్పదనుకుంటే ఒక్క అంకెతో ఆపండి.
- తేదీలో నెల పేరు అక్షరాల్లో రాయండి. 04/05 అని రాస్తే ఏప్రిలా, మే నెలా అని ఇంకో మెయిల్ వస్తుంది.
- పట్టికను ఫోటోగా అతికించకండి. అక్షరాలుగానే టైప్ చేయండి.

అసలు మెయిల్ మీరు ఇంగ్లీషులోనో, బయ్యర్‌కు తెలిసిన భాషలోనో పంపుతారు. వరుస, మాటతీరు స్పష్టంగా కనిపించడానికి ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

> సబ్జెక్ట్: ప్యాకింగ్ లిస్టు PL-118, 4 మే తేదీది – వివరణ – సరుకు లెక్కలో మార్పు లేదు
>
> నమస్కారం.
>
> మీరు పంపిన ఫోటోను మా ప్యాకింగ్ లిస్టు PL-118తో, మా తూకం కాగితంతో పోల్చి చూశాం. సరుకు మొత్తం 40 కార్టన్లు. టవల్స్ మొత్తం 3080. ఇన్వాయిస్‌లో కూడా 3080 టవల్స్ ఉన్నాయి. ఇన్వాయిస్ మారదు.
>
> మీ మూడు ప్రశ్నలకు జవాబులు:
>
> ప్రశ్న 1: 80 టవల్స్ తేడా.
> కార్టన్ నంబరు 40లో 80 టవల్స్ ఉన్నాయి. అవి 20 స్నానం టవల్స్, 60 చేతి టవల్స్. ఫోటోలో కాగితం మడత వల్ల కార్టన్ నంబరు 40 వరుస కనిపించడం లేదు. ఆ చోటును గుర్తు పెట్టి జతచేశాం.
>
> ప్రశ్న 2: ఒక కార్టన్ బరువు.
> స్నానం టవల్స్ ఉన్న ఒక కార్టన్ నెట్ వెయిట్ ఇరవై రెండున్నర కిలోలు. మా లిస్టులో చుక్క దశాంశానికి గుర్తు. అది వేలకు గుర్తు కాదు.
>
> ప్రశ్న 3: నెట్ వెయిట్, గ్రాస్ వెయిట్.
> స్నానం టవల్స్ ఉన్న ఒక కార్టన్‌లో సరుకు బరువు ఇరవై రెండున్నర కిలోలు. అట్టపెట్టెతో కలిపి బరువు 24 కిలోలు. అనువాదంలో ఈ రెండు కాలమ్స్ శీర్షికలు తారుమారయ్యాయి.
>
> సరైన లెక్క:
> కార్టన్ 1 నుంచి కార్టన్ 24 వరకు: 24 కార్టన్లు, 1200 స్నానం టవల్స్.
> కార్టన్ 25 నుంచి కార్టన్ 39 వరకు: 15 కార్టన్లు, 1800 చేతి టవల్స్.
> కార్టన్ 40: 1 కార్టన్, 20 స్నానం టవల్స్, 60 చేతి టవల్స్.
> మొత్తం నెట్ వెయిట్: 828 కిలోలు.
> మొత్తం గ్రాస్ వెయిట్: ఎనిమిది వందల ఎనభై మూడున్నర కిలోలు.
>
> దయచేసి కార్టన్ 40 తెరిచి లెక్కపెట్టండి. తర్వాత మూడు అంకెలు మాకు రాయండి: మొత్తం కార్టన్లు, మొత్తం టవల్స్, మొత్తం గ్రాస్ వెయిట్.
>
> ఈ లిస్టులోని బరువులతో మీరు కస్టమ్స్ డిక్లరేషన్ ఇప్పటికే వేసి ఉంటే ఈరోజే చెప్పండి. మీ ఏజెంటుకు కూడా ఈ వివరణ పంపుతాం.

ఇందులో "మీరు తప్పుగా చదివారు" అని ఎక్కడా లేదు. "ఫోటోలో వరుస కనిపించడం లేదు" అని ఉంది. ఈ తేడా మర్యాద కోసం మాత్రమే కాదు. గోడౌన్ మనిషి ఫోటో తీస్తే కొనుగోలు విభాగం వాళ్లు మీకు రాస్తారు. రాసిన వాళ్లకు ఎక్కడ ఏమైందో తెలియదు. కారణం చూపిస్తే వాళ్లు లోపలికి వెళ్లి సరిచేసుకోగలరు.

దశాంశం తప్పక రాయాల్సిన చోట అక్షరాల్లో రాశాను గమనించండి. ఇదే భద్రమైన పద్ధతి. పొడవుగా ఉంటుందనిపిస్తే "22 కిలోల 500 గ్రాములు" అని రాసినా సరిపోతుంది.

6. జత చేసేవి

మూడు చాలు: ఒరిజినల్ పీడీఎఫ్, బయ్యర్ ఫోటో మీద మడత చోటును ఎర్ర గీతతో చూపించినది, కార్టన్ 40 తూకం రాసిన కాగితం ఫోటో. పీడీఎఫ్‌ను స్కాన్ చేసి పంపకండి. ఎక్సెల్ నుంచి నేరుగా సేవ్ చేసినది పంపితే వాళ్లు అక్షరాలు కాపీ చేసి అనువదించుకోగలరు, మళ్లీ ఫోటో తీయాల్సిన అవసరం ఉండదు.

ఇక్కడ చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. అర్థం కావడానికని లిస్టును కొత్తగా, అందంగా మార్చి, అదే PL-118 నంబరుతో పంపేస్తారు. ఇప్పుడు ఒకే నంబరుతో లోకంలో రెండు కాగితాలు ఉంటాయి. ఒకటి కస్టమ్స్ దగ్గర, ఒకటి బయ్యర్ దగ్గర. అంకెలు ఒకటే అయినా రూపం వేరు కాబట్టి ఏది అసలైనదో అని కొత్త ప్రశ్న పుడుతుంది. సులువుగా చదివే పట్టిక ఇవ్వాలనుకుంటే మెయిల్‌లోనే ఇవ్వండి, "ఇది వివరణ మాత్రమే, PL-118కు బదులు కాదు" అని రాయండి.

తప్పు మనదే అయితే

కార్టన్ 40లో నిజంగా 60 కాదు, 50 చేతి టవల్సే పెట్టారని తూకం కాగితం చెప్పిందనుకోండి. అప్పుడు అనువాదం మాట ఎత్తవద్దు. మొదటి వాక్యంలోనే "మా లిస్టులో 10 చేతి టవల్స్ ఎక్కువ రాశాం" అని చెప్పండి. తర్వాత సవరించిన ప్యాకింగ్ లిస్టును కొత్త రివిజన్ నంబరు, కొత్త తేదీతో తయారు చేసి, "ఇది PL-118ను రద్దు చేసి దాని స్థానంలో వస్తుంది" అని దాని మీదే రాయండి. ఫైలు పేరు `PL-118-Rev1.pdf` లాగా ఉంటే చాలు. ఆ 10 టవల్స్‌కు క్రెడిట్ నోటు ఇవ్వాలి. గ్రాస్ వెయిట్ మారితే, బిల్ ఆఫ్ లేడింగ్‌లో సవరణ కావాలా అని మీ ఫార్వార్డర్‌ను, కస్టమ్స్ కాగితాల గురించి మీ ఏజెంటును అడగకుండా ముందుకు వెళ్లకండి.

డబ్బు లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద రావాల్సి ఉంటే ఇంకొంచెం ఆగాలి. బ్యాంకులు సాధారణంగా పాటించే యూసీపీ 600 నియమాల ప్రకారం కాగితాల్లోని వివరాలు అక్షరం అక్షరం ఒకేలా ఉండనక్కర్లేదు, కానీ ఒకదానికొకటి విరుద్ధంగా ఉండకూడదు. బ్యాంకులో ఇచ్చిన ప్యాకింగ్ లిస్టు ఒకటి, బయ్యర్‌కు మెయిల్‌లో పంపిన సవరణ ఇంకొకటి అయితే ఇబ్బంది మీకే. సవరణ పంపే ముందు మీ బ్యాంకుతో మాట్లాడండి.

7. పంపే ముందు, పంపాక సరిచూసుకోవడం

పంపే ముందు మీ మెయిల్‌ను బయ్యర్ భాషలోకి యాప్‌తో మార్చండి. వచ్చినదాన్ని వేరే యాప్‌తో మళ్లీ మీ భాషలోకి తెచ్చుకోండి. వాక్యాలు అందంగా లేకపోయినా పర్వాలేదు. అంకెలు, వాటి యూనిట్లు, నెట్, గ్రాస్ అనే మాటలు చెక్కుచెదరకుండా ఉన్నాయా అన్నదే చూడండి. ఎక్కడ మారిందో ఆ వాక్యాన్ని ఇంకా పొట్టిగా తిరగరాయండి.

పంపాక "ఓకే, థాంక్స్" అని వస్తే విషయం తేలిందనుకోకండి. మీరు అడిగిన మూడు అంకెలు వాళ్ల చేతి నుంచి రావాలి: 40, 3080, 883.5. మూడోది "883,5" అని కామాతో వస్తే కంగారు పడకండి, వాళ్ల పద్ధతిలో అది సరైనదే. మీ మాట అందిందనడానికి అంతకంటే మంచి గుర్తు ఉండదు. "883.500" అని చుక్కతో వస్తే మాత్రం అది మీ కాగితం నుంచి ఎక్కించినది కావచ్చు, ఆ అంకెను అక్షరాల్లో రాసి పంపమని అడగండి.

వచ్చే షిప్‌మెంట్ లిస్టులో మార్చాల్సినవి కొన్నే. కలిపి ప్యాక్ చేసిన కార్టన్‌ను చివరి వరుసలో కాకుండా మొదట పెట్టండి. శీర్షికలు పూర్తి మాటల్లో రాసి, నెట్‌కు, గ్రాస్‌కు మధ్య ఒక ఖాళీ కాలమ్ వదలండి. బరువుల్లో అనవసరమైన సున్నాలు తీసేయండి. "చుక్క దశాంశానికి గుర్తు" అని కింద ఒక లైను వేయండి. కార్టన్‌లో పెట్టే కాపీని మడవకుండా ప్లాస్టిక్ కవర్‌లో నిలువుగా పెట్టమని ప్యాకింగ్ వాళ్లకు చెప్పండి.